గీత కింద ఎవరున్నారు?

2018-20 కాలానికి శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ ప్రకటించిన లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ మాతృ మరణాల నిష్పత్తి 45. అదే వ్యవస్థ 2020 సంవత్సరానికి చెప్పిన శిశు మరణాల రేటు 24. రెండు అంకెలనూ పక్కపక్కన రాసి, మన దగ్గర తల్లుల మరణాలు ఎక్కువా పసిబిడ్డల మరణాలు ఎక్కువా అని అడిగి చూడండి. 45 పెద్ద అంకె కాబట్టి తల్లులవే ఎక్కువని చెప్పేవాళ్లు తప్పకుండా ఉంటారు. గ్రూప్స్‌కు చదివేవాళ్లూ అంటారు, నర్సింగ్ విద్యార్థులూ అంటారు. తల్లుల లెక్క లక్ష సజీవ జననాలకు చెప్పింది, బిడ్డల లెక్క వెయ్యి సజీవ జననాలకు చెప్పింది. రెండింటినీ లక్షకే తెచ్చి చూస్తే 45కు ఎదురుగా 2,400 నిలబడుతుంది. అంటే బిడ్డల మరణాలు యాభై రెట్లకు పైన.

వెయ్యికీ లక్షకీ తేడా పెట్టడానికి కారణం చిన్నదే. ప్రసవంలో తల్లి చనిపోవడం ఇప్పుడు అరుదు. వెయ్యికి లెక్కేస్తే 0.45 అని రాయాలి, అది చదవడానికీ పోల్చడానికీ ఇబ్బంది. అందుకని లక్షతో గుణించారు. ఆ గుణకాన్ని బట్టీ పట్టేస్తే పోతుంది. అసలు తికమక భిన్నంలో గీత కింద ఉండే సంఖ్యతో, అంటే హారంతో వస్తుంది. మాతృ మరణాల నిష్పత్తి, శిశు మరణాల రేటు, ఐదేళ్లలోపు పిల్లల మరణాల రేటు అనే ఈ మూడింటికీ హారం ఒక్కటే, సజీవ జననాలు. అది ఎందుకలా పెట్టారో, వేరే సంఖ్య పెడితే ఏమవుతుందో తెలిస్తే పరీక్షలో వచ్చే తిరకాసు ప్రశ్నల్లో చాలా వరకు వాటంతటవే విడిపోతాయి.

ఒక జిల్లాను ఊహించుకుందాం. అంకెలు నేను లెక్క కోసం కట్టినవి, ఏ జిల్లావీ కావు. జనాభా 16 లక్షలు. అందులో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలు 4,40,000 మంది. ఏడాదిలో 25,000 మంది బిడ్డలు ప్రాణంతో పుట్టారు, 250 మంది కడుపులోనే చనిపోయి పుట్టారు. ఆ ఏడాది గర్భంతో ఉండగానో, కాన్పు తర్వాత కొద్ది రోజులకో చనిపోయిన స్త్రీలు 14 మంది అని ఆశా కార్యకర్తల నుంచి కబురొచ్చింది.

ఈ పద్నాలుగు మందీ లెక్కలోకి వస్తారా? ముందు ఇది తేల్చుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం గర్భంతో ఉన్నప్పుడు గానీ, ఆ గర్భం ఏ విధంగా ముగిసినా ముగిసిన 42 రోజుల లోపు గానీ, గర్భం వల్లనో, గర్భం ముదిర్చిన జబ్బు వల్లనో, దానికి చేసిన వైద్యం వల్లనో స్త్రీ చనిపోతే అది మాతృ మరణం. ఎన్నో నెల అన్నదాంతో పని లేదు. గర్భం ఎక్కడ నిలిచిందన్నదాంతోనూ పని లేదు. ప్రమాదవశాత్తు, గర్భంతో సంబంధం లేని కారణంతో పోతే మాత్రం లెక్కలోకి రాదు.

మన పద్నాలుగు మందిలో ముగ్గురు కాన్పు తర్వాత రక్తస్రావంతో, ఇద్దరు రక్తపోటు పెరిగి ఫిట్స్ వచ్చి, ఒకరు ఒళ్లంతా చీము విషం పాకి పోయారు. ఈ ఆరుగురి గురించి ఎవరికీ అనుమానం రాదు. మూడో నెలలో ఎక్కడో గర్భం తీయించుకుని చనిపోయిన ఆవిడ? ఆమె కూడా లెక్కలోకి వస్తుంది, కాన్పు జరగలేదు కదా అని వదిలేయకూడదు. గర్భం గొట్టంలో నిలిచి, అది పగిలి చనిపోయిన ఆవిడ కూడా అంతే. ఏడో నెలలో పాత గుండెజబ్బు ముదిరి పోయిన ఆవిడ, డెంగీ సోకి గర్భం వల్ల తట్టుకోలేకపోయిన ఆవిడ పరోక్ష మాతృ మరణాల కింద వస్తారు. ఇక బిడ్డ పుట్టిన నాలుగో వారంలో ఆత్మహత్య చేసుకున్న బాలింత. ఇక్కడ చాలామంది కొట్టేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో ఇచ్చిన వర్గీకరణ మార్గదర్శకాల ప్రకారం గర్భిణి, బాలింత ఆత్మహత్యలు ప్రత్యక్ష మాతృ మరణాలే. కాన్పు తర్వాతి మానసిక కుంగుబాటును కాన్పు నుంచి విడదీయలేమన్నది దాని వెనకున్న ఆలోచన. దాంతో పదకొండు అయ్యాయి.

మిగిలిన ముగ్గురిలో ఒకరు ఐదో నెలలో స్కూటర్ మీద వెళ్తూ లారీ గుద్ది చనిపోయారు. ఒకరు పొలంలో పాము కరిచి పోయారు. ఈ ఇద్దరూ గర్భిణులే అయినా గర్భం కారణం కాదు కాబట్టి లెక్కలోకి రారు. కారణం చూడకుండా గర్భకాలంలో పోయిన వాళ్లందరినీ కలిపి చెప్పే లెక్క వేరే ఒకటి ఉంది, అందులో వీళ్లుంటారు. మూడో ఆవిడ కాన్పు వల్లే గుండె కండరం దెబ్బతిని, అరవయ్యో రోజున చనిపోయారు. కారణం కాన్పే, కానీ 42 రోజులు దాటిపోయాయి. 42 రోజుల తర్వాత ఏడాది లోపు ఇలా పోతే ఆలస్య మాతృ మరణం అంటారు. దాన్ని విడిగా రాసిపెడతారు, మామూలు నిష్పత్తిలో కలపరు.

కాబట్టి లవం 11. హారం 25,000.

11 ÷ 25,000 × 1,00,000 = 44.

ఇక్కడొక చిక్కు చూడండి. మూడో నెలలో గర్భం పోయి చనిపోయిన ఆవిడ లవంలో ఉంది. ఆమె బిడ్డ హారంలో లేడు, ఎందుకంటే అక్కడ సజీవ జననమే జరగలేదు. గర్భం గొట్టంలో పగిలిన ఆవిడ సంగతీ, కాన్పు కాకుండానే గుండెజబ్బుతో పోయిన ఆవిడ సంగతీ అంతే. మరోపక్క కవలలు పుడితే తల్లి ఒక్కతే, హారంలో మాత్రం రెండు చేరతాయి. పైన లెక్కించినవాళ్లు కింద లెక్కించినవాళ్లలో భాగం కానప్పుడు దాన్ని రేటు అనకుండా నిష్పత్తి అంటారు. ‘మాతృ మరణాల నిష్పత్తి అని ఎందుకు అంటారు?’ అన్న ప్రశ్నకు జవాబు ఇదే.

న్యాయంగా చూస్తే హారంలో మొత్తం గర్భాలు ఉండాలి. ప్రాణాపాయం గర్భంతోనే మొదలవుతుంది కదా. కానీ రెండో నెలలోనే పోయిన గర్భాలు ఎన్నో ఎవరికి తెలుసు? ఇంట్లో వాళ్లకే తెలియకుండా పోయేవీ ఉంటాయి. ప్రాణంతో పుట్టిన బిడ్డ మాత్రం ఏదో ఒక పుస్తకంలో నమోదవుతుంది. లెక్కపెట్టగలిగిన దాన్నే హారంగా తీసుకున్నారు. ఇది రాజీ అని ఈ శాస్త్రంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

నిష్పత్తి ఉంది సరే, మాతృ మరణాల రేటు అనేది కూడా ఉందా? ఉంది. పేర్లు దాదాపు ఒకటే, పొడి అక్షరాల్లో రెండూ ఎంఎంఆరే కావడం పరీక్షలు రాసేవాళ్ల దురదృష్టం. రేటుకు హారం 15-49 ఏళ్ల స్త్రీలందరూ. వాళ్లలో గర్భిణులు ఉన్నారు, పెళ్లి కానివాళ్లు ఉన్నారు, పిల్లలు చాలనుకుని ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఉన్నారు. మన జిల్లాలో 11ను 4,40,000తో భాగించి లక్షతో గుణిస్తే 2.5 వస్తుంది. జిల్లా అదే, మరణాలు అవే పదకొండు. ఒక లెక్కలో 44, ఇంకో లెక్కలో 2.5. దేశం మొత్తానికి 2018-20లో నిష్పత్తి 97 అయితే రేటు 6. శాంపిల్ రిజిస్ట్రేషన్ ప్రత్యేక బులెటిన్‌లో రెండూ ఒకే పట్టికలో పక్కపక్కనే అచ్చవుతాయి, అడ్డదిడ్డంగా చూస్తే ఒకదాని బదులు ఇంకోటి రాసేస్తాం.

ఈ రెండు లెక్కలూ రెండు వేర్వేరు ప్రశ్నలు వేస్తాయి. ఒక కాన్పులో ప్రాణాపాయం ఎంత అని నిష్పత్తి అడుగుతుంది. ఈ ఊళ్లో ఈ వయసు స్త్రీలకు కాన్పుల వల్ల ఏడాదిలో ప్రాణాపాయం ఎంత అని రేటు అడుగుతుంది. ఈ తేడా తెలుగు రాష్ట్రాలకు బాగా వర్తిస్తుంది, ఎందుకంటే ఇక్కడ కాన్పులే తగ్గిపోయాయి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో స్త్రీకి సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. మన ఊహాజిల్లాలో స్త్రీల సంఖ్య మారకుండా కాన్పులు మాత్రం 25,000 నుంచి 20,000కు తగ్గాయనుకుందాం. ఆసుపత్రులేమీ మెరుగుపడలేదు, రక్తనిధి అలాగే ఉంది, కాన్పులో ప్రాణాపాయం ఏమాత్రం తగ్గలేదు. నిష్పత్తి అదే 44 దగ్గర ఉంటుంది. మరణాలు మాత్రం సుమారు 9కి, రేటు 2.5 నుంచి 2కు దిగిపోతాయి. రేటు తగ్గిందని చూపించి వైద్యం బాగుపడిందని ఎవరైనా అంటే ఆ మాట నిలబడదు. తక్కువసార్లు కనడం వల్ల వచ్చిన తగ్గుదల అది. స్త్రీలకు మేలు జరిగిన మాట నిజమే, కానీ ఆ మేలు ప్రసూతి గదిలో జరగలేదు.

ఎవరిని ఏ జిల్లా లెక్కలో వేయాలన్నది ఇంకో సమస్య. మన వైపు తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం ఆనవాయితీ. కాన్పు కష్టమైతే పీహెచ్‌సీ నుంచి జిల్లా ఆసుపత్రికి, అక్కడి నుంచి హైదరాబాద్‌కో విశాఖకో గుంటూరుకో పంపిస్తారు. జనన మరణాల రిజిస్టర్‌లో ఘటన ఎక్కడ జరిగితే అక్కడ రాస్తారు. అంటే చుట్టుపక్కల జిల్లాల్లో చేయి దాటిపోయిన కేసుల మరణాలన్నీ పెద్దాసుపత్రి ఉన్న నగరం ఖాతాలో పడతాయి. ఆ రిజిస్టర్ పట్టుకుని నగరం నిష్పత్తి లెక్కేస్తే అక్కడ కాన్పులు మహా ప్రమాదకరమన్నట్టు కనిపిస్తుంది. శాంపిల్ రిజిస్ట్రేషన్ పద్ధతిలో ఎంపిక చేసిన ఊళ్లో, వార్డులో స్థిరంగా ఉండేవాళ్లనే లెక్కిస్తారు. ఆవిడ పుట్టింట్లో కన్నా, నగరంలో చనిపోయినా సొంత ఊరి లెక్కలోకే తెస్తారు. లవం ఏ ఊరిదో హారం కూడా ఆ ఊరిదే కావాలన్న నియమం ఇలా పనికొస్తుంది.

మరో పరిమితి అంకెల చిన్నతనం. ఏడాదికి 11 మరణాలున్న జిల్లాలో ఏ మార్పూ లేకుండా, కేవలం యాదృచ్ఛికంగా ఒక ఏడు 7, మరో ఏడు 15 వచ్చే వీలు బాగానే ఉంది. నిష్పత్తి ఒక ఏడు 28, మరో ఏడు 60. కలెక్టరేట్ సమీక్షలో 28కి చప్పట్లు, 60కి చీవాట్లు పడతాయి, రెండూ అన్యాయమే. ఈ కారణంగానే శాంపిల్ రిజిస్ట్రేషన్ వాళ్లు మాతృ మరణాలను మూడేళ్లు కలిపి లెక్కిస్తారు. 2018-20 అని గీత పెట్టి రాసేది అందుకే. శిశు మరణాలు సంఖ్యలో ఎక్కువ కాబట్టి వాటిని ఒక్కో ఏడాదికి విడిగా ఇవ్వగలుగుతున్నారు. ‘2020లో ఎంఎంఆర్ ఎంత’ అని ప్రశ్నపత్రంలో కనిపిస్తే, అడిగినవాళ్లు బులెటిన్ సరిగ్గా చూడలేదని అనుకోవచ్చు.

ఇక బిడ్డల దగ్గరికి వద్దాం. మన జిల్లాలో పుట్టిన 25,000 మందికి ఎదురుగా, ఆ ఏడాది 28 రోజులు నిండకముందే చనిపోయినవాళ్లు 400 మంది. 28 రోజులు నిండాక, మొదటి పుట్టినరోజు రాకముందే పోయినవాళ్లు 150 మంది. ఏడాది నిండాక, ఐదో పుట్టినరోజు రాకముందే పోయినవాళ్లు 100 మంది. నవజాత శిశు మరణాల రేటు 400 ÷ 25,000 × 1,000 = 16. శిశు మరణాల రేటుకు ఏడాదిలోపు అందరూ కావాలి, అంటే 550 మంది. 22 వస్తుంది. ఐదేళ్లలోపు రేటుకు 650 మంది, 26 వస్తుంది.

16, 22, 26 ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్నాయి. 22లో 16 ఉంది, 26లో 22 ఉంది. 2020లో తెలంగాణకు ఇదే వరసలో వచ్చిన అంకెలు 15, 21, 23. నవజాత శిశు మరణాలూ శిశు మరణాలూ కలిపితే ఎంత అని అడిగి 36 అని ఒక ఆప్షన్ ఇస్తే దాని మీద టిక్కు పెట్టేవాళ్లుంటారు. అలా కలిపితే నెలలోపు పోయిన బిడ్డను రెండుసార్లు చంపినట్టే. 28 రోజుల నుంచి ఏడాది వరకు మాత్రమే కావాలంటే తీసివేయాలి, 21 లోంచి 15 పోగా 6. తెలంగాణలో ఏడాదిలోపు మరణాల్లో మూడింట రెండు వంతులకు పైగా మొదటి నెలలోనే అని ఈ తీసివేతలోనే తెలిసిపోతుంది.

శిశు మరణాల రేటు అంటాం గానీ, పట్టి చూస్తే ఇదీ పూర్తిగా రేటు కాదు. ఈ ఏడాది మార్చిలో ఐదు నెలల వయసులో చనిపోయిన బిడ్డ కిందటేడాది పుట్టినవాడు. లవంలో ఈ ఏడాది ఉన్నాడు, హారంలో కిందటేడాది. పుట్టుకలు ఏటేటా పెద్దగా మారకపోతే ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. అలవాటుగా రేటు అనే పేరు స్థిరపడిపోయింది, పరీక్షలోనూ అలాగే రాయండి.

ఇంతకంటే పెద్ద సమస్య సజీవ జననం అనే మాటను ఎలా పాటిస్తున్నారన్నది. తల్లి దేహం నుంచి పూర్తిగా బయటికి వచ్చాక బిడ్డ ఒక్కసారి ఊపిరి తీసినా, గుండె కొట్టుకున్నా, బొడ్డుతాడులో నాడి ఆడినా, కండరం తనంతట తాను కదిలినా అది సజీవ జననమే. ఎన్నో నెలలో పుట్టిందన్నదాంతో సంబంధం లేదు. ఏడో నెలలో పుట్టి, పది నిమిషాలు గుండె కొట్టుకుని ఆగిపోయిన బిడ్డను లెక్కలో వేయాలంటే రెండు చోట్ల వేయాలి, జననాల్లో ఒకటి, శిశు మరణాల్లో ఒకటి. కానీ ఆ రాత్రి ప్రసూతి గదిలో ఉన్నవాళ్లకు ‘చచ్చి పుట్టింది’ అని ఒక్క ముక్క రాయడం తేలిక. తల్లిదండ్రులకూ ఆ బాధలో రెండు సర్టిఫికెట్ల కోసం తిరగాలని ఉండదు. అలా రాసిన ప్రతిసారీ ఒక శిశు మరణం తగ్గి, ఒక మృత జననం పెరుగుతుంది. మన జిల్లాలో 400 మంది నవజాత శిశువుల్లో 50 మందిని ఇలా అటు రాసేశారనుకోండి. శిశు మరణాల రేటు 22 నుంచి 20కి దిగుతుంది. ఒక్క బిడ్డ కూడా అదనంగా బతకలేదు.

దీన్ని పట్టుకోవడానికి ఒక లెక్క ఉంది, ప్రసవ పరిసర మరణాల రేటు. ఇంగ్లీషులో పెరినాటల్ అంటారు, క్లాసుల్లో ఆ మాటే వాడుక. 28 వారాలు నిండాక జరిగిన మృత జననాలనూ, పుట్టిన ఏడు రోజుల లోపు మరణాలనూ కలిపి లవంగా తీసుకుంటారు. ‘చచ్చి పుట్టింది’ అని రాసినా, ‘పుట్టి చచ్చింది’ అని రాసినా రెండూ ఇందులోనే పడతాయి, కాబట్టి అటుదిటు మార్చి రాసినా ఫలితం మారదు. శిశు మరణాల రేటు బాగా తగ్గి, మృత జననాలు పెరిగి, ఈ రేటు మాత్రం కదలకుండా ఉంటే రాతలో తేడా జరిగిందని అనుమానించాలి.

ఈ రేటు హారం దగ్గరే పరీక్షల్లో ఎక్కువమంది జారతారు. లవంలో మృత జననాలున్నాయి కాబట్టి హారంలోనూ ఉండాలి. సజీవ జననాలు, మృత జననాలు రెండూ కలిపిన మొత్తం పుట్టుకలు కావాలి. మన జిల్లాలో మొదటి వారంలో పోయినవాళ్లు 300 మంది, మృత జననాలు 250. 550ని 25,250తో భాగిస్తే వెయ్యికి 21.8. కేవలం సజీవ జననాలతో భాగిస్తే 22 వస్తుంది. తేడా స్వల్పమే గానీ రెండూ ఆప్షన్లలో ఉంటే కొంప ముంచుతుంది. మృత జననాల రేటుకూ ఇదే హారం. చట్టం వల్ల ఇంకో తిరకాసు ఉంది. 1969 జనన మరణాల నమోదు చట్టంలో జననం అంటే సజీవ జననం గానీ మృత జననం గానీ అని రాశారు. కాబట్టి జననాలు అని ఒట్టిగా అంటే చాలదు. సజీవ అన్న మాట ప్రశ్నలో ఉందో లేదో చూసుకోవాలి. 28 అనే అంకె కూడా రెండు చోట్ల వస్తుంది, కడుపులో ఉన్నప్పుడు 28 వారాలు, పుట్టాక 28 రోజులు. ఆ రెండూ కలిసిపోవడం మామూలే.

ఇప్పుడు ఐదేళ్లలోపు రేటు. మూడింటిలోనూ ఎక్కువగా మోసం చేసేది ఇదే. పేరు చూడగానే, ఐదేళ్లలోపు పిల్లల మరణాలను ఐదేళ్లలోపు పిల్లల జనాభాతో భాగించాలని ఎవరికైనా అనిపిస్తుంది. మన జిల్లాలో ఆ వయసు పిల్లలు 1,20,000 మంది అనుకుందాం. 650ని దానితో భాగిస్తే వెయ్యికి 5.4. ఇందాక మనకొచ్చింది 26. దాదాపు ఐదు రెట్ల తేడా. ఐదు రెట్లే ఎందుకంటే, ఊళ్లో ఉన్న ఐదేళ్లలోపు పిల్లలు అంటే సుమారు ఐదేళ్ల పుట్టుకలు పోగైనవాళ్లు. 5.4 కూడా తప్పు లెక్క కాదు, దాని పేరు వేరు. అది 0-4 ఏళ్ల వయసువారి మరణ రేటు. శాంపిల్ రిజిస్ట్రేషన్ నివేదికల్లో అదీ ఉంటుంది, ఐదేళ్లలోపు రేటు అని మనం అనేదీ ఉంటుంది.

సజీవ జననాలనే హారంగా తీసుకోవడానికి కారణం, ఇది నిజానికి ఒక సంభావ్యత. ఈ ఏడాది ఏ వయసులో ఎంతమంది పోతున్నారో అదే తీరు కొనసాగితే, ఇవాళ పుట్టిన వెయ్యి మందిలో ఎందరు ఐదో పుట్టినరోజు చూడరు అన్నది ప్రశ్న. ప్రశ్న పుట్టుక దగ్గర మొదలైంది కాబట్టి హారం పుట్టుకలే. 650ని 25,000తో భాగించడం నిజానికి దగ్గరి దారి మాత్రమే. గణాంక నిపుణులు వయసు మెట్ల మీద ఒక్కో మెట్టుకూ సంభావ్యత కట్టుకుంటూ వెళ్తారు.

ఆ మెట్లలో ఒకటి ఏడాది నుంచి ఐదేళ్ల మధ్య మరణాలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దీనికి హారంగా ఏడాది దాటి బతికిన పిల్లలను తీసుకుంటుంది, ఎందుకంటే మొదటి ఏడాదిలోనే పోయినవాళ్లకు ఈ వయసులో చనిపోయే ప్రశ్నే లేదు. ఈ చిన్న తేడా ఆ సర్వే అంకెల్లోనే కనిపిస్తుంది. ఐదో సర్వే ప్రకారం దేశంలో శిశు మరణాల రేటు 35.2, ఏడాది నుంచి ఐదేళ్ల మధ్య రేటు 6.9, ఐదేళ్లలోపు రేటు 41.9. కలిపి చూడండి, 42.1 వస్తుంది. అచ్చుతప్పు కాదు. 6.9 అన్నది వెయ్యి పుట్టుకలకు చెప్పింది కాదు, మొదటి ఏడాది దాటిన వెయ్యి మందికి చెప్పింది. వెయ్యి పుట్టుకల్లో మొదటి ఏడాది దాటేవాళ్లు 964.8 మంది. వాళ్లకు 6.9 చొప్పున లెక్కేస్తే 6.66. దాన్ని 35.2కు కలిపితే 41.86, అంటే 41.9. మూడు హారాల గురించి నాలుగు పేజీలు చదివేకంటే ఈ ఒక్క కూడిక చేసి చూసుకోవడం మేలు.

ఇంతవరకు చెప్పినవన్నీ సరిగ్గా నేర్చుకున్నా, జవాబు తప్పయ్యే దారి ఇంకొకటి ఉంది. ఆంధ్రప్రదేశ్ శిశు మరణాల రేటు 24 అని మొదట్లో చెప్పాను. అదే రాష్ట్రానికి ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే ఇచ్చిన అంకె 30.3. తెలంగాణకు శాంపిల్ రిజిస్ట్రేషన్‌లో 21, సర్వేలో 26.4. ఎవరూ అబద్ధం చెప్పలేదు. శాంపిల్ రిజిస్ట్రేషన్ ఎంపిక చేసిన ఊళ్లలో ఏడాది పొడవునా జరిగే పుట్టుకలనూ చావులనూ స్థానిక గణకుడు నమోదు చేస్తాడు. ఆరు నెలలకోసారి సూపర్‌వైజర్ వచ్చి విడిగా ఇంటింటా సర్వే చేస్తాడు. రెండు జాబితాలనూ సరిపోల్చి, తేడా వచ్చిన చోటుకు మళ్లీ వెళ్లి తేలుస్తారు. వచ్చే అంకె ఆ ఒక్క ఏడాదిది. కుటుంబ ఆరోగ్య సర్వేలో మాత్రం తల్లిని కూర్చోబెట్టి, ఎప్పుడెప్పుడు కన్నారు, ఎవరు బతికారు, ఎవరు పోయారు, ఎంత వయసులో అని అడుగుతారు. వచ్చే అంకె సర్వేకు ముందున్న ఐదేళ్లకు సగటు. మరణాలు తగ్గుతూ వస్తున్నచోట గడిచిన ఐదేళ్ల సగటు ఇవాళ్టి అంకె కంటే సహజంగానే ఎక్కువుంటుంది. ఒక దాని 2015-16 అంకెను ఇంకో దాని 2020 అంకెతో పోల్చి, ఇంత తగ్గింది అని రాసే వార్తలు, ప్రసంగాలు ఈ కారణంగా పనికిరావు. పోలిస్తే ఒకే వ్యవస్థలోని రెండు సంవత్సరాలనే పోల్చాలి. శాంపిల్ రిజిస్ట్రేషన్‌లో దేశ శిశు మరణాల రేటు 1971లో 129, 2020లో 28, 2023లో 25. ఈ వరస పోల్చడానికి పనికొస్తుంది. మాతృ మరణాల నిష్పత్తి 2004-06లో 254, 2018-20లో 97 అన్న వరస కూడా.

సుస్థిర అభివృద్ధి లక్ష్యాల ప్రశ్నలోనూ ఒక వల ఉంటుంది. 2030 నాటికి ప్రపంచ మాతృ మరణాల నిష్పత్తి 70 కంటే దిగువకు, నవజాత శిశు మరణాలు వెయ్యికి 12కు, ఐదేళ్లలోపు మరణాలు వెయ్యికి 25కు తేవాలని ఆ లక్ష్యాల్లో ఉంది. శిశు మరణాల రేటుకు విడిగా లక్ష్యం ఏదీ అందులో లేదు. ఆప్షన్లలో దాన్ని చేర్చి, ‘వీటిలో లక్ష్యం కానిది ఏది’ అని అడిగితే అదే జవాబు. మన దేశ జాతీయ ఆరోగ్య విధానం 2017 మాత్రం శిశు మరణాల రేటును 2019 నాటికి 28కి తగ్గించాలని పెట్టుకుంది. రెండు పత్రాలనూ కలిపేసి చదివినవాళ్లు ఇక్కడ దొరికిపోతారు.

పరీక్ష రాసేవాళ్లకు ఒక మాట. ఈ అంకెల మీద ప్రశ్నలో సంవత్సరమూ మూలమూ చెప్పకుండా ‘తాజా శిశు మరణాల రేటు ఎంత’ అని అడిగి, రెండు ఆప్షన్లు రెండు వేర్వేరు నివేదికల ప్రకారం సరైనవైతే, గుణుక్కుంటూ ఇంటికి రాకండి. ప్రాథమిక కీ వెలువడగానే గడువులోపు అభ్యంతరం పెట్టండి. శాంపిల్ రిజిస్ట్రేషన్ బులెటిన్‌లో ఆ అంకె ఉన్న పేజీనీ, కుటుంబ ఆరోగ్య సర్వే రాష్ట్ర నివేదికలో రెండో అంకె ఉన్న పేజీనీ కలిపి జత చేయండి.